జీఎస్టీని మోడల్‌లో ఎక్కడ పెట్టాలి?

మీరు కొత్త యూనిట్ కోసం నెలవారీ లెక్కలు ఎక్సెల్‌లో వేసుకున్నారు. అమ్మకాలు, ఖర్చులు, లోను వాయిదాలు అన్నీ ఉన్నాయి. చివరి వరుసలో బ్యాంకు నిల్వ బాగానే కనిపిస్తోంది. బ్యాంకు మేనేజరు కాగితం తిరగేసి ఒకే ప్రశ్న అడిగాడు: "ఈ టర్నోవర్ జీఎస్టీ కలిపా, కలపకుండానా?"

మీ దగ్గర వెంటనే సమాధానం ఉందా? లేకపోతే ఈ అధ్యాయం మీకోసమే.

ఈ విషయంలో తప్పు చేసేవాళ్లు రెండు రకాలు. మొదటి రకం వాళ్లు అన్ని అంకెలనూ పన్నుతో కలిపి వేస్తారు. అలా వేస్తే లాభం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. రెండో రకం వాళ్లకు కాస్త అకౌంట్స్ తెలుసు. "జీఎస్టీ మనది కాదు కదా, వచ్చేది వస్తుంది, పోయేది పోతుంది" అని దాన్ని మోడల్‌లోంచి పూర్తిగా తీసేస్తారు. వాళ్ల లాభం సరిగ్గానే ఉంటుంది, కానీ మోడల్ చేతిలో లేని నగదు ఉన్నట్టు చూపిస్తుంది. నా దృష్టిలో రెండో తప్పే ఎక్కువ ప్రమాదం. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టుకోరు. ఫ్యాక్టరీ తెరిచిన రెండో నెలలో బ్యాంకు ఖాతా ఖాళీ అయ్యాక గానీ బయటపడదు.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

జీడిమెట్లలో ఒక బీరువాల యూనిట్

హైదరాబాద్ జీడిమెట్లలో ఒకాయన స్టీలు బీరువాలు, ఆఫీసు ర్యాకులు తయారుచేసే యూనిట్ పెడుతున్నాడనుకుందాం. ఏప్రిల్‌లో మొదలు. లెక్క తేలిగ్గా ఉండటానికి ప్రతి నెలా ఒకే అంకెలు తీసుకుందాం. వడ్డీ, తరుగుదల, నిల్వ సరుకు పక్కన పెడదాం.

నెలకు అమ్మకాలు పన్ను కలపకుండా 10,00,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,80,000. కొన్న పార్టీలు రెండు నెలల తర్వాత డబ్బు ఇస్తారు, అంటే ఏప్రిల్ బిల్లు జూన్‌లో వసూలవుతుంది. స్టీలు, రంగు, తాళాలు కలిపి కొనుగోళ్లు 5,00,000, జీఎస్టీ 90,000. వీటికి నెల గడువు. షెడ్డు అద్దె 50,000, జీఎస్టీ 9,000, ఏ నెలది ఆ నెలే కట్టాలి. జీతాలు 2,00,000, కరెంటు బిల్లు 30,000. ఈ రెండింటి మీదా జీఎస్టీ లేదు. ఇవి కాక ఏప్రిల్‌లోనే 20,00,000 పెట్టి షీట్ వంచే మెషీన్ కొంటున్నాడు. దాని జీఎస్టీ 3,60,000. అమ్మినవాడికి రొక్కం.

నెల లాభం ఎంత? 10,00,000లోంచి 5,00,000, 50,000, 2,00,000, 30,000 తీసేస్తే 2,20,000. ఇది అసలు లెక్క.

మొదటి రకం మనిషి ఇదే లెక్కను పన్నుతో వేస్తాడు. 11,80,000లోంచి 5,90,000, 59,000, 2,00,000, 30,000 తీసేస్తాడు. లాభం 3,01,000 వస్తుంది. తేడా 81,000. ఈ 81,000 ఏమిటో గమనించారా? ఆయన వసూలు చేయాల్సిన పన్ను 1,80,000లోంచి కొనుగోళ్ల మీద, అద్దె మీద కట్టిన 99,000 పోగా ప్రభుత్వానికి కట్టాల్సిన మొత్తం. కట్టాల్సిన పన్నే లాభంగా కూర్చుంది. ఏడాదికి అది 9,72,000 అవుతుంది.

ఇక టర్నోవర్ సంగతి. అసలు టర్నోవర్ 1,20,00,000. కాగితం మీద 1,41,60,000. చిన్న యూనిట్లకు వర్కింగ్ క్యాపిటల్ పరిమితిని అంచనా టర్నోవర్‌లో 20 శాతంగా లెక్కగట్టే పద్ధతి బ్యాంకుల్లో ఉంది. ఆ లెక్కన 24 లక్షల చోట 28,32,000 అడిగినట్టవుతుంది. మరుసటి ఏడాది పరిమితి పొడిగించమని వెళ్లినప్పుడు బ్యాంకువాళ్లు జీఎస్టీ రిటర్న్‌లు అడుగుతారు. జీఎస్టీఆర్-3బీలో అమ్మకాల విలువ పన్ను లేకుండానే ఉంటుంది. "అంచనా అందుకోలేదే" అంటారు. నిజానికి మీ వ్యాపారం అంచనా ప్రకారమే నడిచింది. అంచనా వేసిన తీరే తప్పు.

1. ధర ఏ రకమో మొదటే రాసుకోండి

మోడల్‌లో అంచనాల షీట్ ఉంటుంది కదా, అక్కడ ప్రతి ధర పక్కనా ఒక గడి పెట్టండి: పన్ను కలిపా, కలపకుండానా. టోకు వ్యాపారులు, కంపెనీలు మాట్లాడుకునే ధర సాధారణంగా పన్ను కలపనిది. "ప్లస్ జీఎస్టీ" అంటారు. షాపులో మామూలు జనానికి అమ్మే ధర, ఎంఆర్‌పీ, పన్ను కలిపినవి. ఒకే వ్యాపారంలో రెండూ ఉండొచ్చు. మన బీరువాల ఆయన డీలర్లకు ఒక రకంగా, సొంత షోరూంలో ఇంకో రకంగా ధర చెప్తాడు.

పన్ను కలిపిన ధరలోంచి పన్ను తీసేటప్పుడు చాలామంది జారిపడే చోటు ఒకటుంది. షోరూంలో నెల వసూళ్లు 1,18,000. 18 శాతం పన్ను కాబట్టి 1,18,000 మీద 18 శాతం, అంటే 21,240 తీసేస్తారు. ఆదాయం 96,760 అని వేస్తారు. తప్పు. పన్ను వేసింది 1,18,000 మీద కాదు, 1,00,000 మీద. కాబట్టి 1.18తో భాగించాలి:

```
Net = Gross / (1 + Rate)
GST = Gross - Net
```

ఇక్కడ పొరపాటు ఆదాయాన్ని తగ్గించి చూపిస్తుంది కాబట్టి కొంతమంది "పోనీలే, జాగ్రత్త పడ్డట్టే కదా" అంటారు. కాదు. అదే మనిషి కొనుగోళ్ల మీదా ఇలాగే చేస్తే ఖర్చూ తగ్గిపోతుంది. చివరికి ఏ అంకె ఎటు జరిగిందో ఎవరికీ తెలియదు.

రేటును సూత్రాల్లో అంకెగా కొట్టకండి. ఒక్క గడిలో పెట్టడం కూడా చాలదు, నెలలవారీగా ఒక వరుస పెట్టండి. 2025 సెప్టెంబర్ 22న స్లాబులు మారినప్పుడు సిమెంటు, ఏసీలు లాంటివి 28 నుంచి 18 శాతానికి వచ్చాయి. ఆ ఆర్థిక సంవత్సరం మోడల్‌లో సగం నెలలు ఒక రేటు, మిగతా నెలలు ఇంకో రేటు. రేటుకు ఒక్కటే గడి ఉంటే, దాన్ని మార్చగానే గడిచిపోయిన నెలలూ మారిపోతాయి.

2. లాభానికి పన్ను లేకుండా, నగదుకు పన్నుతో

ఈ ఒక్క అలవాటు వస్తే సగం పని అయినట్టే. ఆదాయం, ఖర్చు, లాభం అన్నీ పన్ను లేకుండా. బ్యాంకులోకి వచ్చేది, బ్యాంకులోంచి పోయేది పన్నుతో. పార్టీల దగ్గర రావాల్సిన బాకీ కూడా పన్నుతోనే.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగుదాం. మన యూనిట్‌కు రెండు నెలల బాకీలు బయట ఉంటాయి. అవి ఎంత? 20,00,000 కాదు, 23,60,000. ఎందుకంటే పార్టీ మీకు ఇవ్వాల్సింది బిల్లు మొత్తం. "అరవై రోజుల అమ్మకాలు" అని ఆదాయం వరుస నుంచి లెక్కగడితే 3,60,000 తక్కువ పడుతుంది. కాబట్టి బాకీల సూత్రం ఆదాయం వరుసను కాదు, బిల్లు మొత్తం వరుసను చూడాలి. స్టీలు సరఫరాదారులకు ఇవ్వాల్సిన బాకీ కూడా అంతే: 5,00,000 కాదు, 5,90,000.

మెషీన్ విషయంలోనూ ఇదే సూత్రం. ఏప్రిల్‌లో ఖాతాలోంచి 23,60,000 పోతుంది, కాబట్టి ఆ మొత్తానికి నిధులు చూసుకోవాలి. కానీ ఆస్తిగా రాసుకునేది 20,00,000. తరుగుదల కూడా దాని మీదే. మిగతా 3,60,000 క్రెడిట్‌గా తిరిగి వాడుకుంటారు. పన్ను మొత్తం మీదా తరుగుదల వేసుకుంటే ఆ క్రెడిట్ తీసుకునే హక్కు చట్టప్రకారం పోతుంది.

3. రెండింటి మధ్యా ఒక జీఎస్టీ బ్లాకు కట్టండి

లాభం ఒక అంకెతో, నగదు ఇంకో అంకెతో నడుస్తుంటే తేడా ఎక్కడికి పోవాలి? దానికి ఒక ఇల్లు కావాలి. ఆరు వరుసలు చాలు. పదో వరుసలో ఆ నెల అమ్మకాల మీద పన్ను. పదకొండులో ఆ నెల కొనుగోళ్ల మీద వచ్చే క్రెడిట్. పన్నెండులో కిందటి నెల నుంచి మిగిలిన క్రెడిట్. పదమూడులో ఈ నెలకు కట్టాల్సింది. పద్నాలుగులో వచ్చే నెలకు మిగిలేది. పదిహేనులో ఈ నెల నగదుగా నిజంగా కట్టేది.

```
F12: =E14
F13: =MAX(0,F10-F11-F12)
F14: =MAX(0,F12+F11-F10)
F15: =E13
```

చివరి వరుస చూడండి. ఈ నెల కట్టేది కిందటి నెల పన్ను. నెలవారీ రిటర్న్ వేసేవాళ్లకు జీఎస్టీఆర్-3బీ గడువు మరుసటి నెల 20వ తేదీ. ఏప్రిల్ పన్ను మే 20న కట్టాలి. కానీ ఏప్రిల్ బిల్లు డబ్బు మీ చేతికి వచ్చేది జూన్‌లో. పార్టీ ఇవ్వలేదని ప్రభుత్వం ఆగదు. బిల్లు కొట్టిన నెలే లెక్క. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. అరవై రోజుల అప్పు ఇచ్చే వ్యాపారి ప్రతి నెలా పార్టీల పన్నును తన జేబులోంచి ముందుగా కడుతున్నట్టే.

ఇక ఆ రెండు MAXలు ఎందుకు? చాలా మోడళ్లలో అవి ఉండవు. అమ్మకాల పన్నులోంచి కొనుగోళ్ల పన్ను తీసేసి, వచ్చినదాన్ని నేరుగా నగదు వరుసలో కలిపేస్తారు. మన యూనిట్‌లో ఏప్రిల్ చూద్దాం. అమ్మకాల పన్ను 1,80,000. క్రెడిట్ మామూలు 99,000, మెషీన్ మీద 3,60,000, మొత్తం 4,59,000. తేడా మైనస్ 2,79,000. ఆ సూత్రం దీన్ని ప్రభుత్వం నుంచి మీ బ్యాంకులోకి వచ్చిన డబ్బుగా చూపిస్తుంది. నిజంగా వస్తుందా? రాదు. అది పోర్టల్‌లో మీ క్రెడిట్ లెడ్జర్‌లో అంకెగా ఉంటుంది, రాబోయే నెలల పన్నుకు సర్దుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఎగుమతులకు, కొన్న సరుకు పన్ను రేటు అమ్మే సరుకు రేటు కంటే ఎక్కువ ఉన్నచోట వాపసు అడగొచ్చు. ఆ రెండో పద్ధతిలో కూడా మెషీన్ల మీద పన్ను వాపసు రాదు.

కాబట్టి ఏప్రిల్‌లో మిగిలిన 2,79,000 నెలకు 81,000 చొప్పున కరుగుతుంది. మే ఆఖరుకు 1,98,000, జూన్‌కు 1,17,000, జులైకి 36,000. ఆగస్టులో అది అయిపోయి ఇంకా 45,000 కట్టాల్సి వస్తుంది, అది సెప్టెంబర్ 20న. ఆ తర్వాత ప్రతి నెలా 81,000. మొదటి అయిదు నెలలూ యజమాని జీఎస్టీగా రూపాయి నగదు కట్టలేదు. "మనకు పన్ను పెద్దగా పడదు" అనుకుంటాడు. అక్టోబర్ 20న మొదటిసారి పూర్తి 81,000 కట్టే రోజు తెలుస్తుంది. మీ మోడల్ ఆ తేదీని ముందే చూపించాలి.

4. నగదు అడుగంటే నెల ఏదో వెతకండి

ఇప్పుడు ఆ రెండో రకం మనిషి దగ్గరికి వద్దాం. పన్నును పూర్తిగా వదిలేసినవాడు. ఆయన మోడల్‌కూ అసలు బ్యాంకు ఖాతాకూ తేడా ఎంత?

ఏప్రిల్‌లో మెషీన్ పన్ను 3,60,000, అద్దె పన్ను 9,000 బయటికి పోయాయి. లోపలికి ఏమీ రాలేదు. మేలో ఏప్రిల్ స్టీలు బిల్లు పన్ను 90,000, అద్దె పన్ను 9,000. ఇంకా ఏమీ రాలేదు. మే ఆఖరుకు ఆయన కాగితం మీద ఉన్నదానికంటే ఖాతాలో 4,68,000 తక్కువ ఉంటుంది. అప్పటికి రెండు నెలల జీతాలు ఇచ్చేశాడు, వసూళ్లు మొదలే కాలేదు. సరిగ్గా చేతిలో డబ్బు అతి తక్కువగా ఉండే సమయంలోనే ఈ లోటు వచ్చి పడుతుంది.

జూన్ నుంచి వసూళ్లు మొదలై తేడా ఆగస్టు దాకా నెలకు 81,000 చొప్పున, సెప్టెంబర్‌లో 36,000 తగ్గి, ఆ నెల ఆఖరుకు 1,89,000 దగ్గర ఆగుతుంది. ఆ పైన తగ్గదు. వ్యాపారం ఇదే స్థాయిలో నడిచినంత కాలం ఆ 1,89,000 పన్ను రూపంలో ఇరుక్కునే ఉంటుంది. ఎలా వచ్చిందో సరిచూడొచ్చు: పార్టీల బాకీలో ఉన్న పన్ను 3,60,000, సరఫరాదారులకు ఇంకా ఇవ్వని పన్ను 90,000, ప్రభుత్వానికి ఇంకా కట్టని 81,000. మొదటిదాంట్లోంచి మిగతా రెండూ తీసేయండి.

అమ్మకాలు రెట్టింపయితే ఈ మొత్తమూ దాదాపు రెట్టింపవుతుంది. పెద్ద ఆర్డర్ వచ్చినప్పుడు లాభం పెరుగుతుందని లెక్క వేసుకున్నారు, దీన్ని వేసుకున్నారా?

రొక్కానికి అమ్మే షాపుకు కథ తలకిందులు. ఏప్రిల్ 1న వసూలైన పన్ను మే 20 దాకా వాళ్ల ఖాతాలోనే ఉంటుంది. మార్చి 31న బ్యాలెన్స్ చూసి "బాగా మిగిలింది" అని వాటాలు పంచుకుంటారు. అలాంటి వ్యాపారానికి మోడల్ చేస్తుంటే బ్యాంకు నిల్వ కింద ఇంకో వరుస తప్పనిసరిగా పెట్టండి: నిల్వలోంచి కట్టాల్సిన జీఎస్టీ తీసేస్తే మిగిలేది. వాటాలు, వాయిదాలు ఆ వరుస చూసి నిర్ణయించండి.

5. క్రెడిట్ రాని పన్నును విడదీయండి

కట్టిన ప్రతి జీఎస్టీకీ క్రెడిట్ వస్తుందనుకుంటే మళ్లీ లాభం పెరిగి కనిపిస్తుంది. సిబ్బందికి పెట్టే భోజనాల బిల్లు, యజమాని తిరిగే కారు, సొంత స్థలంలో కట్టించే భవనం వంటివాటి పన్నుకు సాధారణంగా క్రెడిట్ రాదు. డెలివరీ వ్యాన్‌కు పోసే డీజిల్ అసలు జీఎస్టీలోనే లేదు, దాని మీద వ్యాట్. ఇవన్నీ పన్నుతో కలిపే ఖర్చులోకి, లేదా ఆస్తి విలువలోకి వెళ్లాలి. అంచనాల షీట్‌లో ప్రతి ఖర్చు పక్కనా "క్రెడిట్ వస్తుందా" అని 1 లేదా 0 పెట్టండి. బ్లాకులోని పదకొండో వరుస ఆ 1 ఉన్నవాటినే కూడాలి.

కొన్ని వ్యాపారాలకు మొత్తం క్రెడిటే లేదు. 5 శాతం వేసే మామూలు రెస్టారెంట్‌కు అద్దె మీద కట్టే 18 శాతం వెనక్కి రాదు. లక్ష అద్దె వాళ్లకు 1,18,000 ఖర్చు. పన్ను మినహాయింపు ఉన్న స్కూలుదీ అదే పరిస్థితి. కాంపోజిషన్ పథకంలో ఉన్న వ్యాపారి బిల్లు మీద పన్ను వేయకూడదు. తను కట్టే 1 శాతం తన సొంత ఖర్చు, లాభంలోంచి పోతుంది. ఇలాంటి మోడల్ చేసేటప్పుడు ఇంకెవరి షీటో తెచ్చి పేరు మార్చి వాడకండి.

సేవల వ్యాపారం అయితే ఇంకో మాట. అడ్వాన్సు తీసుకున్న నెలలోనే పన్ను పడుతుంది, బిల్లు తర్వాత కొట్టినా సరే. సరుకు అమ్మేవాళ్లకు అడ్వాన్సు మీద పడదు, బిల్లు కొట్టినప్పుడే.

6. సున్నా పెట్టి చూడండి

మోడల్ సరిగ్గా ఉందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. ధరలన్నీ పన్ను కలపకుండా ఇచ్చిన మోడల్‌లో, అన్ని పన్నులకూ క్రెడిట్ వచ్చేచోట, రేటు వరుసను 18 నుంచి 0కి మార్చండి. లాభం ఒక్క రూపాయి కూడా కదలకూడదు. కదిలిందంటే ఎక్కడో పన్ను ఆదాయంలోనో ఖర్చులోనో దూరింది. మన యూనిట్‌లో ఏడాది లాభం 26,40,000 అలాగే ఉండాలి. 36,12,000 నుంచి దిగిందంటే అది మొదటి రకం తప్పు.

నగదు మాత్రం కదలాలి. మన లెక్కలో మార్చి ఆఖరు నిల్వ సరిగ్గా 1,89,000 పెరగాలి. అది కూడా కదలకపోతే రెండో రకం తప్పు, పన్ను నగదులోకి రానేలేదు.

షోరూం లాగా పన్ను కలిపిన ధరలుంటే ఈ పరీక్షలో లాభం మారడం సహజమే. 1,18,000 వసూళ్లు అలాగే ఉండి పన్ను పోతే ఆదాయం పెరుగుతుంది కాబట్టి. అక్కడ ఆదాయం ఎంత పెరిగిందో చూడండి. 18,000 అయితే భాగహారం సరిగ్గా ఉంది, 21,240 అయితే మొదటి సూచన దగ్గరికి మళ్లీ వెళ్లండి.

ఇంకో సరిచూపు కూడా పెట్టుకోండి. ఏడాది మొత్తం అమ్మకాల పన్నులోంచి వాడదగిన క్రెడిట్ తీసేస్తే వచ్చేది, నగదుగా కట్టినదీ మార్చి ఆఖరుకు ఇంకా కట్టాల్సినదీ కలిపితే వచ్చేది సమానం కావాలి. మనకు 21,60,000లోంచి 15,48,000 పోతే 6,12,000. కట్టింది 5,31,000, మార్చి నెలది 81,000. సరిపోయింది. ఏడాది చివర క్రెడిట్ మిగిలి ఉంటే దాన్ని రెండో వైపు నుంచి తీసేసి పోల్చండి.

మోడల్ బ్యాంకుకు పంపే ముందు ఈ రెండు పరీక్షలూ మీరే చేయండి. తర్వాత మొదటి ఆరు నెలల బ్యాంకు నిల్వ వరుసను ఒక్కసారి చదవండి. ఏదైనా నెలలో అది సున్నా కిందికి దిగితే, మెషీన్ ఆర్డర్ ఇవ్వకముందే ఆ లోటుకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలో మాట్లాడుకోండి.